నాన్న ఫోన్‌లో బ్యాంకు యాప్ ఆగిపోయింది. పాత ఆండ్రాయిడ్ అంటే బ్యాంకులకు ఎందుకంత పట్టింపు?

శ్రావణి_తెనాలి

నాన్నకు మా వీధిలో చిన్న కిరాణా కొట్టు ఉంది. 2017లో కొన్న ఫోన్ వాడుతున్నారు, ఆండ్రాయిడ్ 7.0. మధ్యలో ఒకసారి బ్యాటరీ మార్పించాం, అంతే. కాల్స్, ఫోటోలు, పాటలు అన్నీ బాగానే నడుస్తున్నాయి. పోయిన నెల దాకా బ్యాంకు యాప్ కూడా నడిచింది. హోల్‌సేల్ షాపుకి డబ్బు పంపేది అందులోంచే.

మొన్న సోమవారం తెరిస్తే కొత్త వెర్షన్ వేసుకోమని ఒకటే స్క్రీన్. దాన్ని దాటి లోపలికి పోవడం లేదు. ప్లే స్టోర్‌లో చూస్తే `Your device isn't compatible with this version` అని ఉంది. బ్రాంచిలో అడిగితే ఫోన్ మార్చుకోమన్నారు. ఎందుకని అడిగితే సెక్యూరిటీ అన్నారు, ఇంకేమీ చెప్పలేదు.

నాన్న అడిగే ప్రశ్న ఒక్కటే. "ఫోన్ అదే, నేనూ అదే. నిన్నటిదాకా లేని ప్రమాదం ఇవాళ ఎక్కడినుంచి వచ్చింది?" నా దగ్గర జవాబు లేదు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

గోపి_నెల్లూరు

చెల్లెమ్మా, ఇది ర్యామ్ సమస్య. కొత్త యాప్‌లు బరువెక్కాయి, పాత ఫోన్లు మోయలేవు. అందుకే ఆపేస్తారు. పైగా కొత్త ఫోన్లు అమ్ముడుపోవాలి కదా. టెన్షన్ పడకండి, ప్లే స్టోర్ లేకుండా నేరుగా యాప్ వేసుకునే ఏపీకే ఫైళ్లు, పాత వెర్షన్లవి, దొరికే సైట్లు చాలా ఉన్నాయి. మా అత్తయ్య ఫోన్‌లో ఒక యాప్ అలాగే వేశాను, ఇప్పటికీ నడుస్తోంది.

రమణ_హైదరాబాద్

శ్రావణి గారూ, నేను నాలుగేళ్లు ఒక బ్యాంకు మొబైల్ యాప్ టీమ్‌లో పనిచేశాను. మీరు చెప్పినదాంట్లో రెండు వేరువేరు విషయాలు కలిసి ఉన్నాయి. విడదీస్తే మీ నాన్నగారి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

మొదటిది ప్లే స్టోర్ మాట. ప్రతి ఆండ్రాయిడ్ యాప్‌లోనూ ఇంతకంటే పాత వెర్షన్ మీద ఎక్కించొద్దు అని ఒక అంకె రాసి పెడతాం. ఆండ్రాయిడ్ 7.0కి ఆ లెక్కలో 24, ఆండ్రాయిడ్ 8.0కి 26. మీ బ్యాంకు కొత్త యాప్‌లో బహుశా ఈ లైను ఉంటుంది:

```
minSdk = 26
```

ప్లే స్టోర్ దీన్ని చూసి ఆ వెర్షన్‌ను మీ నాన్నగారి ఫోన్‌కు ఇవ్వదు. గోపి గారూ, ఇందులో ర్యామ్ లెక్క లేదు. అదే ఫోన్‌లో ర్యామ్ రెట్టింపు ఉన్నా ఇదే జవాబు వస్తుంది.

రెండోది మీరు ముందు చూసిన స్క్రీన్. ఫోన్‌లో ఉన్న పాత యాప్ పాడవలేదు. అది తెరుచుకోగానే తన వెర్షన్ నంబరు బ్యాంకు సర్వర్‌కు చెబుతుంది. ఈ వెర్షన్ ఇక చెల్లదని సర్వర్ జవాబిస్తే ఆ స్క్రీన్ వస్తుంది. అంటే పాతదాన్ని బ్యాంకు ఆపింది, కొత్తదాన్ని ప్లే స్టోర్ ఇవ్వలేదు. మీ నాన్నగారు ఆ రెండింటి మధ్య ఇరుక్కున్నారు.

సుబ్బారావు_రాజమండ్రి

నేను బ్యాంకులో ముప్ఫై రెండేళ్లు చేసి రిటైరయ్యాను. రమణ గారు చెప్పిన రెండో విషయానికి వెనక ఒక నియమం ఉంది. 2021 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంకు డిజిటల్ చెల్లింపుల భద్రత మీద ఒక మాస్టర్ డైరెక్షన్ ఇచ్చింది. యాప్ కొత్త వెర్షన్ విడుదలయ్యాక పాత వెర్షన్లను దశలవారీగా మూసేయాలనీ, అందుకు ఆరు నెలలకు మించి తీసుకోకూడదనీ అందులో ఉంది. కాబట్టి బ్రాంచి వాళ్లను తిట్టి ప్రయోజనం లేదమ్మా. ఆండ్రాయిడ్ 7ను ఆపమని రిజర్వ్ బ్యాంకే చెప్పింది.

రమణ_హైదరాబాద్

సుబ్బారావు గారూ, ఆరు నెలల గడువు మీరన్నట్టే ఉంది. కానీ ఆండ్రాయిడ్ 7 వద్దని అందులో లేదండీ. ఫోన్‌కు కనీస అర్హతలు పెట్టి, అవి ఉంటేనే యాప్‌ను నడవనివ్వమంది. ఆ అర్హత ఆండ్రాయిడ్ 7 దగ్గర పెట్టాలా 10 దగ్గర పెట్టాలా అన్నది బ్యాంకు నిర్ణయం. అందుకే ఒకే ఫోన్‌లో ఒక బ్యాంకు యాప్ నడుస్తుంది, ఇంకో బ్యాంకుది నడవదు.

గోపి గారి ఏపీకే సలహాకు కూడా ఇక్కడే జవాబుంది. పాత ఫైలు ఎక్కడినుంచి తెచ్చి వేసినా అది అదే సర్వర్‌ను అడగాలి, సర్వర్ అదే జవాబిస్తుంది. మీ అత్తయ్యగారి యాప్ బ్యాంకుది కాకపోయి ఉండొచ్చు, లేదా ఆ వెర్షన్ గడువు ఇంకా ముగిసి ఉండకపోవచ్చు.

ఇంకో మాట, ఇది ముఖ్యం. ఆండ్రాయిడ్ 7 దాకా బయటి ఫైళ్లను అనుమతించే సెట్టింగ్ ఫోన్ మొత్తానికీ ఒక్కటే. ఒకసారి ఆన్ చేసి మర్చిపోతే, ఆ తర్వాత వాట్సాప్‌లో పెళ్లిపత్రిక పేరుతో వచ్చిన ఏపీకేని నొక్కినా ఇన్‌స్టాల్ స్క్రీన్ దాకా నేరుగా వెళ్తుంది. ఆండ్రాయిడ్ 8 నుంచి ఆ అనుమతి ఏ యాప్‌కు ఆ యాప్‌కు విడిగా ఇవ్వాలి. దయచేసి పెద్దవాళ్ల ఫోన్లలో ఆ సెట్టింగ్ ఆన్ చేసి వదలకండి.

గోపి_నెల్లూరు

నిజమే, అత్తయ్యది బ్యాంకు యాప్ కాదు, కరెంటు బిల్లుది. ఆ సెట్టింగ్ ఆన్‌లోనే ఉంది. రేపు వెళ్లి తీసేస్తాను. కానీ అన్నా, శ్రావణి వాళ్ల నాన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. కొత్త యాప్‌ను 7 మీద నడిచేట్టు రాయొచ్చుగా? అసలు భయం ఏంటి?

లక్ష్మి_డల్లాస్

నా సమస్య కూడా ఇదే అనుకుంటున్నాను. కానీ నాది కొత్త ఫోన్, ఆండ్రాయిడ్ 15. ఇండియా బ్యాంకు యాప్ తెరవగానే, ఫోన్‌లో సురక్షితం కాని యాప్ ఉందని చెప్పి మూసుకుపోతోంది. ఇంకా ఏం అప్‌డేట్ చేయాలి?

రమణ_హైదరాబాద్

లక్ష్మి గారూ, మీది వేరే సంగతి. ఫోన్ స్క్రీన్‌ను దూరం నుంచి చూసే, నడిపే యాప్ ఏదైనా ఉందా చూడండి. సుబ్బారావు గారు చెప్పిన డైరెక్షన్‌లోనే అది కూడా ఉంది. అలాంటి యాప్‌లను వీలైనంత వరకు గుర్తించి, అవి ఉంటే లాగిన్ ఇవ్వొద్దని.

గోపి గారి ప్రశ్నకు వస్తాను. ఒక నిజమైన ఉదాహరణ చెబుతాను.

2020 మే నెలలో ఒక లోపం బయటపడింది. దాన్ని కనుక్కున్న నార్వే సంస్థ ప్రోమన్ స్ట్రాండ్‌హాగ్ 2.0 అని పేరు పెట్టింది. అధికారిక నంబరు `CVE-2020-0096`. ఆండ్రాయిడ్ 9, అంతకు ముందు వెర్షన్లు అన్నిట్లోనూ అది ఉంది. జరిగేది ఇదీ. మీరు ఒక టార్చ్ యాప్ వేసుకున్నారు అనుకోండి. దానికి రూట్, అంటే ఫోన్ మీద పూర్తి అధికారం, అక్కర్లేదు, మిమ్మల్ని ఏ ప్రత్యేక అనుమతీ అడగదు. మీరు బ్యాంకు యాప్ గుర్తును నొక్కుతారు. నిజంగా దాన్నే నొక్కుతారు. కానీ తెరుచుకునేది ఆ టార్చ్ యాప్ తయారుచేసి పెట్టిన స్క్రీన్. రంగులు, లోగో, పిన్ గడి అన్నీ అచ్చం అలాగే ఉంటాయి. మీరు పిన్ కొడతారు. అది దొంగకు చేరుతుంది, ఆ వెంటనే అసలు యాప్ ముందుకు వస్తుంది. ఒకసారి పిన్ తప్పు కొట్టామేమో అనుకుని మళ్లీ కొడతారు. కంటితో చూసి పట్టుకోవడం దాదాపు అసాధ్యం.

ఆ తప్పు ఆండ్రాయిడ్‌లోనే ఉంది, అంటే యాప్‌లను ఒకదాని మీద ఒకటి పేర్చే పద్ధతిలో. బ్యాంకు యాప్ తన కోడ్ ఎంత జాగ్రత్తగా రాసుకున్నా, తన బదులు ఇంకొకటి తెరుచుకుంటే ఏం చేయగలదు?

గూగుల్ ఆ నెల మరమ్మతు ఇచ్చింది. 8.0, 8.1, 9 వెర్షన్లకు ఇచ్చింది. 10లో ఆ లోపం లేదు. 7కు ఇవ్వలేదు, ఎందుకంటే అప్పటికి 7కు మరమ్మతులు ఇవ్వడం ఆగిపోయింది. అంటే మీ నాన్నగారి ఫోన్‌లో ఆ తలుపు 2020లో తెరిచి ఉంది, ఇవాళా తెరిచే ఉంది. నిన్నటిదాకా లేని ప్రమాదం అనడం సరికాదు. ప్రమాదం చాలాకాలంగా ఉంది, బ్యాంకు ఇవాళ తలుపు దగ్గర నిలబడింది.

శ్రావణి_తెనాలి

రమణ గారూ, మీరు చెప్పాక నాన్న ఫోన్ సెట్టింగ్స్‌లో ఫోన్ గురించి అనే చోట చూశాను. సెక్యూరిటీ ప్యాచ్ అన్నచోట 2018 ఆగస్టు 1 అని ఉంది. ఆ తర్వాత మరమ్మతులేమీ రాలేదన్నమాట. నాన్నకు చూపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "నేను ఆటలు వేసుకోను, టార్చ్ యాప్‌లు వేసుకోను. ఫోన్‌లో ఉన్నవి ఆరు యాప్‌లు. నాకెలా వస్తుంది దొంగ?" అందులో న్యాయం ఉందనిపించింది.

వరుణ్_వరంగల్

అక్కా, కంపెనీ ఇచ్చిన ఆండ్రాయిడ్ బదులు మనమే వేసుకునే లీనేజ్ ఓఎస్ మీ ఫోన్ మోడల్‌కి ఉందేమో చూడండి. నేను బీటెక్ సెకండియర్‌లో నా పాత ఫోన్‌కి వేశాను, ఆండ్రాయిడ్ 7 నుంచి ఏకంగా 12కి వెళ్లింది. ప్యాచ్‌లు కూడా ప్రతి నెలా వచ్చాయి. ఫోన్ కొనక్కర్లేదు. ముందు కంప్యూటర్‌లో adb వేసి, ఫోన్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, రెండూ కలిపి ఇవి కొట్టి చూడండి, మోడల్, వెర్షన్ అంకె, ప్యాచ్ తేదీ వస్తాయి:

```
adb shell getprop ro.product.model
adb shell getprop ro.build.version.sdk
adb shell getprop ro.build.version.security_patch
```

రమణ_హైదరాబాద్

వరుణ్, నువ్వు వేసిన తర్వాత నీ బ్యాంకు యాప్ నడిచిందా?

వరుణ్_వరంగల్

ఒకటి నడిచింది. రెండు నడవలేదు, ఫోన్ రూట్ అయిందని చెప్పాయి. నేను రూట్ చేయలేదు.

రమణ_హైదరాబాద్

అవును, అందుకే అడిగాను. ఆ ఓఎస్ వేయాలంటే ముందు ఫోన్ ఆన్ కాగానే ఓఎస్‌ను మొదలుపెట్టే బూట్‌లోడర్ తాళం తీయాలి. కొన్ని బ్యాంకు యాప్‌లు గూగుల్ ప్లే ఇంటెగ్రిటీ ద్వారా ఈ ఫోన్ కంపెనీ పంపినట్టే ఉందా అని అడుగుతాయి. తాళం తీసిన ఫోన్‌కు ఆ సర్టిఫికెట్ రాదు. వెర్షన్ కొత్తదే అయినా, ప్యాచ్ ఈ నెలదే అయినా.

శ్రావణి గారూ, మీ నాన్నగారు అన్నదాంట్లో న్యాయం ఉంది. ఆరే యాప్‌లు ఉండి, బయటి ఫైళ్లు వేయని మనిషి ఫోన్‌లోకి స్ట్రాండ్‌హాగ్ లాంటిది రావడం కష్టం. కానీ ఆ సంగతి బ్యాంకు సర్వర్‌కు ఎలా తెలుస్తుంది? దానికి కనిపించేది వెర్షన్, ప్యాచ్ తేదీ, ఇంకొన్ని గుర్తులు. ఆయన జాగ్రత్త కనిపించదు. అదే వెర్షన్ వాడే మిగతా వేల మందితో కలిపి ఆయన గురించి కూడా నిర్ణయం జరిగిపోతుంది.

ఇంకో కారణం తాళంచెవి. యాప్‌ను మొదటిసారి రిజిస్టర్ చేసినప్పుడు చాలా యాప్‌లు ఫోన్‌లోనే ఒక రహస్య చెవిని తయారుచేస్తాయి. ఆ తర్వాత ఈ ఫోనే అడుగుతోందని బ్యాంకు నమ్మేది దాని మీదే. ఆ చెవి ఫోన్ చిప్‌లో ఉంటే కాపీ చేసుకుపోలేరు. మామూలు సాఫ్ట్‌వేర్‌లో ఉంటే దొంగ దాన్ని ఇంకో ఫోన్‌లోకి తీసుకెళ్లే వీలుంది. ఇది చిప్‌లోనే పుట్టిందని ఫోన్ బ్యాంకుకు రుజువు చూపించే ఏర్పాటు ఆండ్రాయిడ్ 7లో మొదలైంది, కానీ తప్పనిసరి కాదు. ఆండ్రాయిడ్ 8తో బయటికొచ్చిన ఫోన్ల నుంచి గూగుల్ తప్పనిసరి చేసింది. అందుకే గీత 8 దగ్గర గీయడం టీమ్‌లకు సులువు. ఆ గీత పైన ఉన్న ఫోన్‌ను నమ్మడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

సుబ్బారావు_రాజమండ్రి

అయితే రమణ గారూ, నాకో సందేహం. మా ఆవిడ ఫోన్ ఆండ్రాయిడ్ 10. ఇప్పుడే చూశాను, ప్యాచ్ 2021 మార్చి. అంటే నాలుగేళ్లు దాటింది. అందులో యాప్ హాయిగా నడుస్తోంది. మరి ఆ ఫోన్‌లో మరమ్మతు లేని లోపాలు లేవా?

రమణ_హైదరాబాద్

ఉన్నాయండీ. సూటిగా అడిగారు, నేను కప్పిపుచ్చను. వెర్షన్ నంబరు చూడటం సులువు కాబట్టి చాలా చోట్ల గీత దాని మీదే గీస్తారు. నిజానికి చూడాల్సింది ప్యాచ్ తేదీ. గూగుల్ 2025 మే నుంచి ఆండ్రాయిడ్ 13, ఆ పైన వెర్షన్లలో అన్నిటికంటే గట్టి సర్టిఫికెట్ ఇవ్వాలంటే గత ఏడాదిలో ప్యాచ్ వచ్చి ఉండాలని పెట్టింది. కానీ ఆ గట్టి సర్టిఫికెట్ అడగాలా వద్దా అన్నది బ్యాంకు ఇష్టం. అడిగితే, కంపెనీలు అప్‌డేట్ ఆపేసిన ఫోన్లు వాడేవాళ్లంతా ఒక్క రోజులో బయట పడతారు.

మా టీమ్‌లో ఈ చర్చ చాలాసార్లు జరిగింది. ఒకవైపు మోసాల టీమ్, ఒకవైపు కస్టమర్లను పోగొట్టుకోకూడదనే టీమ్. గీత పైకి జరపడానికి ఒక్కోసారి భద్రత కారణం, ఒక్కోసారి మేము వాడే ఒక లైబ్రరీ పాత వెర్షన్‌ను వదిలేయడం కారణం. ముఖం చూసి గుర్తించే లైబ్రరీ ఒకటి అలా వదిలేసినప్పుడు మేమూ వదిలేశాం. ఆ రెండు సందర్భాల్లోనూ కస్టమర్‌కు కనిపించింది ఒకే మాట, సెక్యూరిటీ. అది నాకు అప్పుడూ నచ్చలేదు.

వరుణ్_వరంగల్

మరి ఇది అన్యాయం కదా అన్నా? ఈ నెల ప్యాచ్ ఉన్న నా ఫోన్‌ను ఆపేసి, నాలుగేళ్లుగా ప్యాచ్ లేని ఫోన్‌ను లోపలికి పంపిస్తున్నారు.

రమణ_హైదరాబాద్

నీ ఒక్కడి ఫోన్ చూస్తే అన్యాయమే. కానీ తాళం తీసిన ఫోన్‌లో ఓఎస్‌ను ఎవరు మార్చారో, అది యాప్‌తో నిజం చెబుతోందో లేదో తెలుసుకునే దారి బ్యాంకుకు లేదు. నువ్వు మంచి ఓఎస్ వేశావు. దొంగ కూడా ఇదే దారిలో వస్తాడు.

వరుణ్_వరంగల్

నేను ఆ దారిలో రావాల్సి వచ్చిందే కంపెనీ అప్‌డేట్ ఇవ్వకపోవడం వల్ల. ఆ కంపెనీని ఎవరూ అడగరు. నేను ఒప్పుకోను అన్నా.

గోపి_నెల్లూరు

ఫోన్‌లో క్రోమ్ ఉందిగా. శ్రావణీ, అందులో నెట్ బ్యాంకింగ్ తెరిస్తే సరిపోదా? యాప్ గొడవే ఉండదు.

రమణ_హైదరాబాద్

తెరుచుకోవచ్చు. కానీ క్రోమ్ సెట్టింగ్స్‌లో వెర్షన్ చూడమనండి. ఆండ్రాయిడ్ 7కు వచ్చిన చివరి క్రోమ్ 119, అది 2023 చివర్లోది. 120 నుంచి ఆండ్రాయిడ్ 8 కావాలి. అంటే బ్రౌజర్‌కు కూడా అప్పటి నుంచి మరమ్మతులు లేవు. పైగా ఆండ్రాయిడ్ 7లో చాలా యాప్‌లు లోపల పేజీలు తెరిచేది కూడా ఆ క్రోమ్‌తోనే. యాప్ వద్దన్న ఫోన్‌లోనే బ్రౌజర్‌లో పాస్‌వర్డ్ కొట్టడం నేనైతే చేయను.

లక్ష్మి_డల్లాస్

రమణ గారూ, దొరికింది. అమ్మకు ఫోన్ నేర్పడానికని మా అబ్బాయి స్క్రీన్ షేరింగ్ యాప్ ఒకటి వేశాడు. తీసేశాక బ్యాంకు యాప్ తెరుచుకుంది. థాంక్సండీ.

శ్రావణి_తెనాలి

క్రోమ్ చూశాను, 119 అనే ఉంది. ఇప్పుడు మా కొట్టు సంగతి అడగాలి. కౌంటర్ మీద క్యూఆర్ స్టిక్కర్ ఉంది. యాప్ ఆగాక కూడా కస్టమర్లు స్కాన్ చేస్తున్నారు. ఆ డబ్బు ఎటు పోతోందోనని నాన్నకు రెండు రోజులుగా నిద్ర లేదు.

సుబ్బారావు_రాజమండ్రి

భయపడకమ్మా. ఆ క్యూఆర్‌లో ఉండేది మీ నాన్నగారి యూపీఐ ఐడీ. అది ఖాతాకు ముడిపడి ఉంటుంది, ఫోన్‌లోని యాప్‌కు కాదు. డబ్బు ఖాతాలోకే వెళ్తుంది. పాస్‌బుక్ వేయించి చూడండి, రోజువారీగా కనిపిస్తుంది. యాప్ లేక ఆగేది పంపడం, వచ్చిందో లేదో ఫోన్‌లో చూసుకోవడం.

పంపడానికి ఒక దారి ఉంది. అదే ఫోన్ నుంచి, బ్యాంకులో నమోదైన సిమ్‌తో `*99#` డయల్ చేస్తే మెనూ వస్తుంది. ఇంటర్నెట్ అక్కర్లేదు, ఒక్కోసారి ఐదు వేల రూపాయల దాకా పంపొచ్చు.

శ్రావణి_తెనాలి

హోల్‌సేల్ బిల్లు ఒక్కోసారి పద్దెనిమిది వేలు వస్తుందండీ.

సుబ్బారావు_రాజమండ్రి

అయితే అది కష్టం. నాలుగు ముక్కలు చేసి పంపాలి. చెక్కు తీసుకుంటారేమో అడగండి.

రమణ_హైదరాబాద్

ఒక జాగ్రత్త. `*99#` మీద కూడా యూపీఐ పిన్ అదే పాత ఫోన్‌లో కొట్టాలి. స్ట్రాండ్‌హాగ్ లాంటి నకిలీ స్క్రీన్ బెడద అక్కడ తక్కువ, ఎందుకంటే నకిలీ చేయడానికి అక్కడ బ్యాంకు యాప్ లేదు. పూర్తిగా సురక్షితం అనను. కొట్టు కోసం కొత్త ఫోన్ తీసుకునే ఆలోచన ఉంటే ధర కంటే ముందు ఎన్నేళ్లు సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇస్తారో అడగండి. ఇప్పటికే మార్కెట్‌లోకి వచ్చి రెండేళ్లయిన మోడల్ చవగ్గా ఇస్తే, ఆ రెండేళ్లు మీ లెక్కలోంచి పోయినట్టే.

శ్రావణి_తెనాలి

పాస్‌బుక్ వేయించాం. సోమవారం నుంచి వచ్చినవన్నీ ఉన్నాయి, ఒక్క రూపాయి తగ్గలేదు. నాన్న సరే అన్నారు, ఈ నెల హోల్‌సేల్‌కు చెక్కు ఇస్తామని మాట్లాడారు. బజార్లో ఒక ఫోన్ చూశాం. ప్యాచ్‌లు ఎన్నాళ్లు వస్తాయని అడిగితే షాపు అబ్బాయికి తెలియదు, పెట్టె మీద కూడా రాసి లేదు. మోడల్ పేరు రాసుకొచ్చాను. అది ఎక్కడ చూస్తే తెలుస్తుంది?

వరుణ్_వరంగల్

కంపెనీ సైట్‌లో సెక్యూరిటీ అప్‌డేట్స్ పేజీ ఉంటుంది అక్కా. అందులో మీ మోడల్ నెలనెలా జాబితాలో ఉందో, మూడు నెలలకోసారి ఇచ్చే జాబితాలో ఉందో చూడండి. అసలు లేకపోతే తీసుకోకండి. మోడల్ నంబరు ఇక్కడ పెట్టండి, నేనూ చూస్తాను.